చెవి ఫోటో చూసి రాసేటప్పుడు ఎరుపుతో మొదలుపెట్టకండి

చెవి లోపల చూసే ఒటోస్కోప్‌తో తీసిన ఫోటో చూడగానే చాలామంది రాసే మొదటి మాట "ఎర్రగా ఉంది". పిల్లాడు గట్టిగా ఏడ్చినా, జ్వరం ఉన్నా కర్ణభేరి ఎర్రబడుతుంది కాబట్టి ఆ ఒక్క మాటతో ఇన్ఫెక్షన్ అని తేల్చలేం. ముందు ఏ చెవో రాయండి, కర్ణభేరి పొర మీద మెరిసే వెలుగు ముక్క మామూలుగా కుడి చెవిలో గడియారంలో 5 దగ్గర, ఎడమ చెవిలో 7 దగ్గర ఉంటుంది. తర్వాత పొర బయటికి ఉబ్బిందా, లోపలికి లాగేసినట్టుందా, మామూలుగా ఉందా చూడండి, నన్నడిగితే అసలు విషయం ఇదే. ఆ తర్వాతే రంగు.

ఉదాహరణకి, జలుబు తగ్గిన నాలుగేళ్ల పాప ఫోటో అనుకోండి. నేనైతే ఇలా రాస్తాను: "కుడి చెవి. ఉబ్బు లేదు. పొర మసకగా, తేనె రంగులో ఉంది. వెనక రెండు బుడగలు, వాటి కింద ద్రవం గీత. అంచున కొంచెం ఎరుపు. రంధ్రం లేదు." అంటే ద్రవం ఉంది, కానీ తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లా లేదు. అదే పొర ఉబ్బి, వెనక తెల్లగా పసుపుగా చీములా కనిపిస్తే కథ వేరు.

రంధ్రం దగ్గరే ఎక్కువ పొరపాట్లు. పాత రంధ్రం మానిన చోట పొర ఎంత పల్చగా ఉంటుందంటే ఫోటోలో నల్లటి కన్నంలానే కనిపిస్తుంది, అందుకే దాని మీద వెలుగు మెరుపు ఏమైనా ఉందా చూడండి, ఉంటే అక్కడ పొర ఉన్నట్టే. నిజంగా రంధ్రమే అయితే ఏ భాగంలో ఉందో, అంచుకి తగులుతోందో లేదో రాయాలి. అంచుకి తగిలినా, పైభాగంలో ఉన్నా ఇ.ఎన్.టి. డాక్టర్‌కి తొందరగా చూపించాలి. గులిమి అడ్డంగా ఉంటే "పూర్తిగా కనిపించలేదు" అని రాసేయండి. ఇంకోటి, పొర కదులుతోందో లేదో ఫోటో చెప్పదు, ద్రవం అనుమానం తీరాలంటే గాలి ఊది పొర కదలిక చూసే ఒటోస్కోప్‌తో చూడాలి, లేదా గాలి ఒత్తిడితో ఆ కదలికను కొలిచే టింపనోమెట్రీ చేయించాలి.