లెక్చరర్ రెజ్యూమేలో వర్క్‌లోడ్, రిజల్ట్స్, పరిశోధన ఎలా రాయాలి?

ఫ్యాకల్టీ పోస్టుకు వచ్చిన రెజ్యూమే ముందు స్క్రూటినీ బల్ల మీదికి వెళ్తుంది. అక్కడ కూర్చున్నవాళ్లు నోటిఫికేషన్‌లో ఇచ్చిన పట్టిక పక్కన పెట్టుకొని ఒక్కో అంశానికి మార్కులు వేస్తారు. ఆ మార్కుకు రుజువు ఏ పేజీలో ఉందో చూస్తారు. దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలేసి తర్వాతి దరఖాస్తు తీసుకుంటారు. అందుకే ‘ఎంతో అనుభవం ఉన్న, అంకితభావం గల అధ్యాపకుణ్ణి’ లాంటి వాక్యం రెజ్యూమేలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 2019 జూన్ 1 నుంచి కెమిస్ట్రీ చెబుతున్న లెక్చరర్. ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ పూర్తి చేశారు. నాలుగు పేపర్లు వచ్చాయి. ఇప్పుడు తిరుపతిలో ఒక అటానమస్ డిగ్రీ కాలేజీకీ, ఒక స్టేట్ యూనివర్సిటీకీ దరఖాస్తు పెడుతున్నారు. రెజ్యూమే ఎలాగూ ఇంగ్లిష్‌లోనే పంపుతారు. ఇక్కడి నమూనాలను మాత్రం తెలుగులో ఇస్తున్నాం.

ముందు పట్టిక చదవండి

నోటిఫికేషన్ ఏ రెగ్యులేషన్స్ ప్రకారం వచ్చిందో మొదటి పేజీలోనే ఉంటుంది. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారమైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్ట్‌కు యూనివర్సిటీలకు ఒక పట్టిక, కాలేజీలకు ఇంకో పట్టిక ఉన్నాయి. రెండింటిలోనూ బోధనానుభవానికి ఏడాదికి 2 మార్కులు, గరిష్ఠంగా 10. పరిశోధన పత్రానికి 2 మార్కుల చొప్పున యూనివర్సిటీలో గరిష్ఠం 10, కాలేజీలో 6. పీహెచ్‌డీకి యూనివర్సిటీలో 30, కాలేజీలో 25.

మన లెక్చరర్‌కు దీని అర్థం ఏమిటి? అయిదేళ్లు నిండాయి కాబట్టి అనుభవానికి రెండుచోట్లా పూర్తి 10 వస్తాయి. నాలుగు పేపర్లకు యూనివర్సిటీలో 8 వస్తాయి. కాలేజీలో మూడో పేపరుతోనే 6 నిండిపోయింది, నాలుగోదానికి మార్కు లేదు. కాబట్టి కాలేజీకి పంపే రెజ్యూమేలో పేపర్ల జాబితా రెండో పేజీకి పోయినా నష్టం లేదు, మొదటి పేజీ బోధనకు ఇవ్వాలి. యూనివర్సిటీకి పంపేదానిలో ఈ వరస తిరగబడుతుంది.

విద్యార్థుల ఫలితాలకు ఈ రెండు పట్టికల్లోనూ మార్కులు లేవు. అయినా రాయాలి. ఈ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడం వరకే, ఎంపిక ఇంటర్వ్యూలో జరుగుతుంది. అక్కడ ప్రిన్సిపాల్, సబ్జెక్టు నిపుణులు అడిగేది ఎక్కువగా ఫలితాల గురించే. ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి లాంటి సంస్థలకు ఈ పట్టిక వర్తించదు. వాళ్లకు పరిశోధన ప్రణాళిక, బోధన ప్రణాళిక విడిగా రాయాలి.

వర్క్‌లోడ్: టైమ్‌టేబుల్ నుంచి ఒక్క వరుసలోకి

ఎక్కువమంది ‘వారానికి 18 గంటలు’ అని రాసి ఊరుకుంటారు. తప్పు దొర్లేది అక్కడే. పీరియడ్ వేరు, గంట వేరు. మన లెక్చరర్ టైమ్‌టేబుల్‌లో బేసి సెమిస్టర్‌లో థియరీ 12 పీరియడ్లు, ఒక్కోటి 50 నిమిషాలు. మొత్తం 600 నిమిషాలు, అంటే 10 గంటలు. ప్రాక్టికల్స్ మూడు బ్యాచ్‌లు, ఒక్కోదానికి 2 గంటలు, అంటే 6 గంటలు. కలిపితే 16 గంటలు. పీరియడ్‌ని గంటగా లెక్కేసినవాళ్లకు 18 వస్తుంది. ఇంటర్వ్యూలో టైమ్‌టేబుల్ కాపీ చూపించమంటే ఆ రెండు గంటల తేడా అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత మిగతా అంకెలనూ అనుమానంగానే చూస్తారు.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన అని యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లోనే ఉంది. అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14. కాబట్టి 16 అని నిజాయితీగా రాస్తే తక్కువైనట్టు కాదు. 24 గంటలు చెప్పి ఉంటే అదీ రాయండి, దాంతోపాటు ఎందుకు అంత పడిందో కూడా రాయండి. ఖాళీ పోస్టు క్లాసులు కూడా తీసుకున్నారా, రెండు సెక్షన్లు కలిపారా అన్నది చెప్పకపోతే అంకె నమ్మేలా ఉండదు.

థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా చూపించండి. వాటిని ఒకే కొలతతో చూడని కమిటీలుంటాయి. ఇన్విజిలేషన్, పేపర్ వాల్యుయేషన్, ఎన్ఎస్ఎస్, నాక్ పని ఈ గంటల్లో కలపకూడదు. వాటికి ‘ఇతర బాధ్యతలు’ అని వేరే వరుస పెట్టండి. నమూనా ఇలా ఉంటుంది:

> కెమిస్ట్రీ లెక్చరర్, ఫుల్‌టైమ్, ప్రైవేటు డిగ్రీ కాలేజీ, చిత్తూరు. 01-06-2019 నుంచి 31-03-2025 వరకు, 5 సంవత్సరాల 10 నెలలు.
> 2023-24 బేసి సెమిస్టర్: థియరీ 10 గంటలు, ప్రాక్టికల్స్ 6 గంటలు, వారానికి మొత్తం 16. ఆర్గానిక్, ఫిజికల్ కెమిస్ట్రీ, బీఎస్సీ రెండు, మూడు సంవత్సరాలు.
> రుజువు: అనుబంధం 6, ప్రిన్సిపాల్ సంతకంతో టైమ్‌టేబుల్.

అన్ని సెమిస్టర్లూ ఇలా రాయనక్కర్లేదు. చివరి నాలుగు చాలు. వర్క్‌లోడ్ మరీ మారిన ఏడాది ఉంటే అది కూడా చేర్చండి.

ఫుల్‌టైమ్, కాంట్రాక్ట్, గెస్ట్ అన్న మాట ప్రతి ఉద్యోగం పక్కనా ఉండాలి. గంటల లెక్కన డబ్బు తీసుకున్న గెస్ట్ సర్వీసును మామూలు సర్వీసులో కలిపేస్తే సర్వీస్ సర్టిఫికెట్ చూసినప్పుడు దొరికిపోతారు. పీహెచ్‌డీ చేసిన కాలం గురించి కూడా స్పష్టత ఇవ్వాలి. సెలవు పెట్టి పీహెచ్‌డీ చేస్తే ఆ కాలాన్ని బోధనానుభవంగా లెక్కించరు. సెలవు పెట్టకుండా పాఠాలు చెబుతూనే చేస్తే లెక్కిస్తారు. మన లెక్చరర్ రెండో కోవకు చెందినవారు. ‘పీహెచ్‌డీ పార్ట్‌టైమ్, ఈ కాలంలో స్టడీ లీవ్ తీసుకోలేదు’ అన్న ఒక్క వాక్యం, దానికి కాలేజీ ఇచ్చిన ధ్రువపత్రం లేకపోతే నాలుగేళ్ల అనుభవం ప్రశ్నార్థకం అవుతుంది.

ఫలితాలు: శాతం కింద ఎంతమంది ఉన్నారో చెప్పండి

‘100 శాతం ఫలితాలు’ అన్నది రెజ్యూమేల్లో తెగ కనిపించే మాట. తొమ్మిది మంది ఉన్న క్లాసులో తొమ్మిది మందీ పాసైనా 100 శాతమే. చదివేవాళ్లకు ఆ సంగతి తెలుసు. కాబట్టి మూడు అంకెలు ఇవ్వండి: నమోదైనవారు, పరీక్ష రాసినవారు, పాసైనవారు.

మన లెక్చరర్ మూడో సెమిస్టర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ పేపరు ఫలితాలు ఇవి. 2022-23లో 61 మంది నమోదైతే 56 మంది రాశారు, 41 మంది పాసయ్యారు. 2023-24లో 64 మంది నమోదైతే 58 మంది రాశారు, 51 మంది పాసయ్యారు. రాసినవారి లెక్కన మొదటి ఏడాది 73.2 శాతం, రెండో ఏడాది 87.9 శాతం. నమోదైనవారి లెక్కన అయితే 67.2, 79.7. ఏ లెక్కన చూసినా పెరిగింది కాబట్టి మొదటి జత రాసి, అది రాసినవారి లెక్క అని పక్కనే చెబితే సరిపోతుంది. హాజరు చాలక ఎక్కువమంది పరీక్షకు కూర్చోలేని ఏడాది ఉంటే రాసినవారి శాతం ఊరికే పెరుగుతుంది. ఆ ఏడాదిని గొప్పగా చూపించకండి.

ఆ శాతం మీరు చెప్పిన పేపరుదే అయి ఉండాలి. డిపార్ట్‌మెంట్ మొత్తం ఫలితాన్నో, కాలేజీ ప్లేస్‌మెంట్లనో తన ఖాతాలో వేసుకున్న రెజ్యూమే ‘ఇందులో మీ పేపరు ఏది?’ అన్న మొదటి ప్రశ్నకే ఆగిపోతుంది.

ఫలితం పక్కన మీరు ఏం మార్చారో ఒక్క వాక్యం చేర్చండి. ‘ఇంటర్నల్స్‌లో రియాక్షన్ మెకానిజం ప్రశ్నలు తప్పినవారికి వారానికి ఒక గంట చొప్పున 12 వారాలు రెమెడియల్ క్లాసు’ అంటే అడగడానికి ఒక విషయం దొరుకుతుంది. దాని వల్లే ఫలితం పెరిగిందని మాత్రం రాయకండి. పేపరు తేలిగ్గా వచ్చి ఉండొచ్చు, బ్యాచ్ మంచిదై ఉండొచ్చు. రెమెడియల్ క్లాసు హాజరు పట్టికను అనుబంధంలో పెడితే చాలు, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు.

ఇంజనీరింగ్ కాలేజీకి పంపేటప్పుడు కోర్స్ అవుట్‌కమ్ అటెయిన్‌మెంట్ అడుగుతారు. ‘2.4’ అని ఒక్క అంకె రాస్తే ఏమీ తెలియదు. 3కి 2.4 అనీ, కాలేజీ పెట్టుకున్న లక్ష్యం ఎంతో కూడా రాయాలి. పీజీసెట్ రాసి ఎమ్మెస్సీలో చేరిన విద్యార్థుల సంఖ్య ఉంటే ఇవ్వండి, పేర్లు మాత్రం వద్దు.

పరిశోధన: తక్కువ వరుసలు, పూర్తి వివరాలు

ప్రతి పత్రానికీ రచయితలందరి పేర్లు ప్రచురితమైన వరసలోనే రాసి, మీ పేరును బోల్డ్ చేయండి. తర్వాత పత్రం శీర్షిక, జర్నల్, సంపుటి, సంచిక, పేజీలు, సంవత్సరం, ఐఎస్ఎస్ఎన్, డీఓఐ ఇవ్వండి. పంపేముందు డీఓఐని doi.org లో, ఐఎస్ఎస్ఎన్‌ను portal.issn.org లో టైప్ చేసి చూడండి. పేరున్న జర్నల్‌ను అచ్చంగా అనుకరించే నకిలీ సైట్లు ఉన్నాయి. డబ్బు కట్టి అక్కడ వేయించుకున్న పత్రం కాపీ చేసిన జర్నల్ పేరుతో రెజ్యూమేలోకి చేరుతుంది. డీఓఐ తెరుచుకోకపోతే, తెరుచుకున్నా వేరే పత్రం వస్తే ఆ వరుస తీసేయడం మేలు.

‘యూజీసీ కేర్ జర్నల్’ అన్న మాట వాడేముందు ఒకటి గుర్తుంచుకోండి. ఆ జాబితాను యూజీసీ 2025లో నిలిపేసింది. అంతకుముందు వచ్చిన పత్రమైతే, ప్రచురించిన నాటికి జాబితాలో ఉందని రాసి, అప్పటి స్క్రీన్‌షాట్ ఉంటే జతచేయండి.

ప్రచురితమైనవీ, అంగీకారం పొందినవీ, పంపి ఎదురుచూస్తున్నవీ మూడు వేర్వేరు శీర్షికల కింద ఉండాలి. సదస్సులో చదివిన పేపరును జర్నల్ పేపర్లలో కలపకూడదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు గైడ్ చేస్తే అలాగే రాయాలి, పీహెచ్‌డీ గైడెన్స్ శీర్షిక కింద కాదు.

అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు అయితే రచయితల వరస మరీ ముఖ్యం. 2018 రెగ్యులేషన్స్ ప్రకారం ఇద్దరు రచయితలుంటే ఒక్కొక్కరికి ఆ పత్రం విలువలో 70 శాతం. ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే మొదటి రచయితకూ కరెస్పాండింగ్ రచయితకూ 70 శాతం, మిగతావారిలో ఒక్కొక్కరికి 30 శాతం. ఆరుగురిలో నాలుగో పేరు మీదైతే లెక్క ఏమవుతుందో ముందే వేసుకోండి.

అనుబంధాలు, పేర్లు

రెజ్యూమే మూడు పేజీలకు మించనివ్వకండి. రుజువులన్నీ ఒకే పీడీఎఫ్‌గా, అనుబంధాల సంఖ్యల వరసలో, మొదట విషయసూచికతో పెట్టండి. రెజ్యూమేలో సంఖ్య మారితే అనుబంధంలోనూ మార్చాలి. చివరి నిమిషంలో ఒక సర్టిఫికెట్ మధ్యలో చొప్పిస్తే దాని తర్వాతి సంఖ్యలన్నీ తప్పిపోతాయి. కొత్తది వస్తే చివర చేర్చండి.

మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరుది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పేపర్‌లో ఇనీషియల్ చివరకు పోతుంది, పీహెచ్‌డీ పట్టాలో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాస్తారు. రెజ్యూమే పైన సర్టిఫికెట్‌లోని పేరు రాసి, దాని కిందే ‘పత్రాల్లో ఈ పేరుతో’ అని రెండో రూపం, ORCID నంబరు ఇవ్వండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినవాళ్లు గెజిట్ ప్రకటన గానీ, అఫిడవిట్ గానీ అనుబంధం 1గా పెట్టుకోవాలి.