పేజీ నిండా లెక్కలున్న ఫొటో: సమాధానాలు ఎందుకు కలవడం లేదు, ఎలా సర్ది రాయాలి

నా దగ్గర చదువుకునే పిల్లలు హోంవర్క్ పేజీని ఫొటో తీసి పంపుతుంటారు. ఒక్కో పేజీలో పదిహేను, ఇరవై లెక్కలుంటాయి. చేసి పంపాక మళ్లీ మళ్లీ వచ్చే ఇబ్బందులు మాత్రం నాలుగైదు రకాలే. మీరూ ఇలా ఫొటో చూసి లెక్కలు చేసి పంపేవాళ్లనీ, లెక్కలు చేయడం మీకు వచ్చనీ అనుకునే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఫొటోకీ సమాధానానికీ మధ్య జరిగే పొరపాట్ల గురించే.

వీటిలో సగం ఒక్క పనితో పోతాయి. ఎంతమందికి చెప్పినా ఎవరూ చేయడం లేదు కాబట్టి ముందే రాస్తున్నాను. ఫొటో తెరవగానే మొదటి లెక్క మొదలుపెట్టకండి. పేజీలో మొదటి నంబరు ఏదో, చివరి నంబరు ఏదో చూడండి. ఆ నంబర్లన్నీ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకోండి. 11 నుంచి 24 దాకా ఉంటే అవి 14 లెక్కలు. 24లోంచి 11 తీసేసి 13 అనుకునేవాళ్లు చాలామంది. ఇప్పుడు ఫొటోలో ప్రతి నంబరు మీదా వేలు పెట్టి, కాగితం మీద టిక్ కొట్టండి. టిక్ పడని నంబరు ఉందంటే ఆ లెక్క ఫొటోలో లేదన్నమాట. ఉన్నవి చేస్తూనే, ఆ మిగిలిన దాని ఫొటో అప్పుడే అడిగేయండి.

లక్షణం: ఒక చోటి నుంచి సమాధానాలన్నీ ఒక నంబరు జరిగిపోయాయి

పేజీ రెండు కాలమ్‌లుగా ఉండుంటుంది. కొన్ని పుస్తకాల్లో ఎడమ కాలమ్ పైనుంచి కిందకి పూర్తయ్యాక కుడి కాలమ్ మొదలవుతుంది. కొన్నిట్లో 1 ఎడమన, 2 కుడిన, 3 మళ్లీ ఎడమన వస్తుంది. లేదా పుస్తకం మడత దగ్గర నీడ పడి ఒక నంబరు కనిపించకుండా పోయి ఉంటుంది. చేసేవాళ్లు పేజీ నంబరు వదిలేసి తమ సొంత వరుసలో 1, 2, 3 వేసుకుపోతే ఈ జరుగుడు చివరిదాకా తెలియదు.

పరిష్కారం చిన్నదే. పేజీలో ఏ నంబరుంటే అదే వాడండి. పేజీ 11తో మొదలైతే మీ సమాధానం కూడా 11తోనే మొదలవ్వాలి. నంబరు పక్కన లెక్కలోని మొదటి రెండు మాటలో, సమీకరణమో రాయండి. అప్పుడు నంబరు తప్పినా సమాధానం ఏ లెక్కదో చూసేవాళ్లకి తెలుస్తుంది.

లక్షణం: మిగతావన్నీ సరిపోయాయి, ఒక్కటే తప్పింది

అంకెనో గుర్తునో తప్పు చదివారు. 1, 7 కలిసిపోవడం, దశాంశ బిందువు కనిపించకపోవడం, ఘాతం మామూలు అంకెలా అనిపించడం ఎప్పుడూ ఉండేవే. సమాధానం వికారంగా వస్తే అనుమానం అదే వస్తుంది. కానీ సమాధానం చక్కగా వచ్చినంత మాత్రాన సరిగ్గా చదివినట్టు కాదు. x² − 5x + 6 = 0 అయితే మూలాలు 2, 3. చివరి గుర్తు మసకబారి x² − 5x − 6 = 0 అని చదివితే 6, −1 వస్తాయి. రెండూ శుభ్రంగా కారణాంకాలవుతాయి కాబట్టి ఎక్కడా అనుమానం రాదు.

అందుకే గుర్తు స్పష్టంగా లేకపోతే అదే పేజీలో స్పష్టంగా ఉన్న + , − గుర్తుల పక్కన పెట్టి పోల్చండి. అప్పటికీ తేలకపోతే ఆ ఒక్క లైను ఫొటో అడగండి. పేజీని బల్ల మీద చదునుగా నొక్కి, ఫోన్‌ని పైనుంచి సమాంతరంగా పట్టుకుని, ఫోన్ నీడ పడకుండా తీయమనండి. పేజీ మొత్తం మళ్లీ తీయమంటే మళ్లీ అదే మసక వస్తుంది.

లక్షణం: లెక్క తప్పలేదు, స్టెప్పులు తప్పలేదు, అయినా వరుసగా మూడు నాలుగు సమాధానాలు కలవలేదు

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. ఒక్క లెక్క తప్పితే మన పొరపాటని వెతుక్కుంటాం. పక్కపక్కనున్న నాలుగు కలవకపోతే మాత్రం పుస్తకం వెనక సమాధానాలే తప్పనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒక అమ్మాయికి ‘నీ పుస్తకంలో అచ్చుతప్పు ఉంది’ అని చెప్పాను. తను క్లాసులో అదే చెప్పి నిలబడాల్సి వచ్చింది. పుస్తకంలో తప్పేమీ లేదు. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే వివరంగా చెప్తున్నాను.

కారణం గుంపు సూచన. అంటే ఒక లెక్కకి కాకుండా కొన్ని లెక్కలకి కలిపి ఒకసారే ఇచ్చే వాక్యం. ‘కింది వాటిని సూక్ష్మీకరించండి’, ‘ఒక దశాంశ స్థానానికి సవరించండి’ లాంటివి. దానికి నంబరు ఉండదు. మన చూపు నంబర్ల వెంటే పోతుంది కాబట్టి దాన్ని దాటేస్తాం. పైగా ఫొటో తీసేవాళ్లు అంచు కత్తిరించేటప్పుడు నంబరు లేని లైనే ముందు పోతుంది. నేను పైన చెప్పిన టిక్‌ల పద్ధతి కూడా దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే నంబర్లన్నీ ఉన్నాయి, టిక్‌లన్నీ పడ్డాయి.

ఆ అమ్మాయి పేజీ ఎలా ఉందో చెప్తాను. 11 నుంచి 24 దాకా లెక్కలు. ఎడమ కాలమ్‌లో 11 నుంచి 17, కుడి కాలమ్‌లో 18 నుంచి 24. 18 నుంచి వృత్తాలు మొదలు. 18లో వ్యాసార్థం 7 సెం.మీ., వైశాల్యం కావాలి. 19లో వ్యాసార్థం 14, చుట్టుకొలత కావాలి. 20లో వ్యాసార్థం 21, వైశాల్యం. 21లో వ్యాసార్థం 3.5, మళ్లీ వైశాల్యం. నేను π విలువ 3.14 వేసి వరుసగా 153.86, 87.92, 1384.74, 38.465 అని రాశాను. పుస్తకం వెనక 154, 88, 1386, 38.5 అని ఉన్నాయి.

‘18 నుంచి 21 వరకు π = 22/7 గా తీసుకోండి’ అన్న లైను ఎడమ కాలమ్ అట్టడుగున, 17 కింద ఉంది. ఫొటోలో ఆ అంచు లేదు. కుడి కాలమ్ పైన మొదలయ్యే లెక్కలకి సూచన ఎడమ కాలమ్ కింద ఉంటుందని నాకు తట్టలేదు. కాలమ్ నిండిపోతే అచ్చులో ఇలాగే పడుతుంది. వెనక పేజీ చివరి లైనులో పడిపోయిన సూచనలూ చూశాను.

సూచన కనిపించకపోయినా అది ఉండేదని లెక్కలే చెప్తాయి. ఇక్కడ వ్యాసార్థాలు చూడండి: 7, 14, 21, 3.5. అన్నీ 7తో సులువుగా కొట్టుకుపోయేవే. లెక్క ఇచ్చినవాళ్లు 22/7 మనసులో పెట్టుకునే ఆ అంకెలు ఎంచుకున్నారు. అదే 22లో వ్యాసార్థం 10, 23లో వ్యాసం 20 ఉన్నాయి. అక్కడ 3.14 వేస్తే వైశాల్యం 314, చుట్టుకొలత 62.8 అని చక్కగా వస్తాయి. నిజంగానే 22కి పైన ‘π = 3.14’ అని ఇంకో సూచన ఉంది. నేను దాన్ని చూసి, వృత్తాలన్నిటికీ అదేననుకుని వెనక్కి కూడా పెట్టేశాను. తప్పు అక్కడే మొదలైంది. సూచన దాని కిందున్న లెక్కలకే వర్తిస్తుంది, పైవాటికి కాదు. తర్వాతి సూచన వచ్చేదాకా, లేదా అందులో చెప్పిన నంబరు దాకానే అది నడుస్తుంది.

కాబట్టి చేయాల్సింది ఇది. నంబర్ల వరుసకి టిక్‌లు కొట్టాక, పేజీని రెండోసారి చూడండి. ఈసారి నంబర్లు వదిలేసి, నంబరు లేని లైన్లే చదవండి. దొరికిన ప్రతి సూచననీ మీ కాగితం మీద అది వర్తించే నంబర్ల పక్కన బ్రాకెట్ గీసి రాయండి. అప్పుడు ఏ బ్రాకెట్‌లోకీ రాని నంబర్లు బయటపడతాయి. ఆ లెక్క తనంతట తాను ‘కనుగొనండి’, ‘నిరూపించండి’ అని అడుగుతుంటే పరవాలేదు. ఉత్త x² − 5x + 6 అని ఉండి ఇంకేమీ లేకపోతే దాని సూచన ఎక్కడో పోయింది. ఇలాంటివి కనిపిస్తే కాలమ్ అడుగు, వెనక పేజీ చివర రెండూ ఫొటో తీసి పంపమనండి.

ఫొటో రాకపోతే ఏం అనుకుని చేశారో సమాధానం పక్కనే రాయండి. ‘18–21: π = 22/7 అనుకుని చేశాను’ అని ఒక్క లైను చాలు. చూసేవాళ్లు దాన్ని ఒక్క నిమిషంలో సరిచూసుకోగలరు.

లక్షణం: అన్నీ సరిగ్గా చేశారు, కానీ చదివేవాళ్లకి ఏది ఎక్కడుందో దొరకడం లేదు

చేసిన వరుసలోనే రాసి పంపడం దీనికి కారణం. సులువైనవి ముందు చేయడం మంచిదే, నేనూ అలాగే చేస్తాను. కానీ పంపేది పేజీ వరుసలో ఉండాలి. ఒకే పద్ధతివి ఒకచోట చేర్చి రాద్దామనిపిస్తుంది, ముఖ్యంగా వృత్త వైశాల్యం 18లో, మళ్లీ 20లో వచ్చినప్పుడు. అలా చేయకండి. అవతలివాళ్లు పుస్తకం పక్కన పెట్టుకుని నంబరుతోనే వెతుకుతారు. పద్ధతిని 18లో పూర్తిగా రాసి, 20లో ‘18లో లాగే’ అని మొదలుపెట్టండి.

పది దాటిన పేజీకి నేను రెండు భాగాలు రాస్తాను. పైన సమాధానాలు మాత్రమే, లైనుకి ఒకటి, యూనిట్లతో సహా. కింద అదే నంబర్లతో స్టెప్పులు. సరిచూసుకునేవాళ్లకి పైభాగం చాలు, ఒకటి తప్పినవాళ్లు కిందకి వెళ్లి అదొక్కటే చదువుకుంటారు. ఐదారు లెక్కలే ఉంటే ఈ రెండు భాగాలు అక్కర్లేదు, స్టెప్పుల చివర సమాధానం విడి లైనులో ఉంటే సరిపోతుంది.

ఉపప్రశ్నలున్న చోట 14 (అ), 14 (ఆ) అని నంబరు ప్రతిసారీ పూర్తిగా రాయండి. ఉత్త (ఆ) అని రాస్తే పైన ఎక్కడిదో వెతకాలి. ఆప్షన్లున్న ప్రశ్నకి అక్షరమొక్కటే ఇవ్వకుండా విలువ కూడా రాయండి: ‘16. సి, 88 సెం.మీ.’ అక్షరం తప్పు చదివినా విలువతో దొరికిపోతుంది. చేయలేకపోయిన లెక్క నంబరు వదిలేయకండి. దాని చోట దాన్ని ఉంచి, ‘19. బొమ్మ కొలతలు కనిపించడం లేదు’ అని కారణం రాయండి. నంబరు లేకపోతే మర్చిపోయారో, రాలేదో అవతలివాళ్లకి తెలియదు.

అరుదుగా వచ్చేవి

ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తే ఎడిట్‌లో ఫ్లిప్ చేసుకోండి. రెండు వేర్వేరు పేజీలు కలిసి నంబర్లు రెండుసార్లు వస్తే ఒక్కో పేజీకి విడిగా జాబితా వేయండి. నిజమైన అచ్చుతప్పు కూడా ఎప్పుడో ఒకసారి ఉంటుంది. అప్పుడు అచ్చులో ఉన్నట్టు చేస్తే వచ్చేది ఒకటి, ఇలా ఉండుంటే వచ్చేది ఒకటి, రెండూ ఆ నంబరు కిందే రాయండి. కానీ ఆ మాట అనేముందు ఎడమ కాలమ్ అడుగు లైను ఫొటో తెప్పించుకుని చూడండి.