ముప్పై హెచ్‌పీ మోటారుకు 62.5 కేవీఏ జనరేటర్ సరిపోయిందిలా

పర్లాకిమిడి దగ్గర ఓ రైస్ మిల్లు. కరెంటు పోయినప్పుడు 62.5 కేవీఏ జనరేటర్ మీద 30 హెచ్‌పీ హల్లర్ మోటారు వేస్తే లైట్లు మసకబారి, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ టకటకలాడి పడిపోయేది. "ఇంజను బలం చాల్లేదు బాబూ" అన్నారు ఓనరు గారు. కానీ ఇంజను మోత పెద్దగా కుంగడం లేదు, మీటరులో ఇంజను స్పీడును చూపే హెర్ట్జ్ నిలకడగానే ఉంది. పడుతున్నది వోల్టేజీ. అంటే ఇబ్బంది ఇంజనుది కాదు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ది.

నడిచేటప్పుడు ఈ మోటారు 40 ఆంపియర్లు, అంటే సుమారు 29 కేవీఏ తీసుకుంటుంది. డైరెక్టుగా, అంటే DOL పద్ధతిలో, స్టార్ట్ చేస్తే ఆరు రెట్లు, 172 కేవీఏ. స్టార్ కనెక్షన్‌లో మొదలుపెడితే అందులో మూడోవంతు, 57 కేవీఏ. హఠాత్తుగా లోడు పడినప్పుడు ఆల్టర్నేటర్ లోపలి అడ్డంకి, అంటే ట్రాన్సియెంట్ రియాక్టెన్స్, 0.2 అనుకుంటే వోల్టేజీ పడేది ఇంత:

```
DOL:  0.2/(0.2 + 62.5/172) = 36%
Star: 0.2/(0.2 + 62.5/57)  = 15%
```

36 శాతం పడితే 415 కాస్తా 266 వోల్టులే. కాంటాక్టర్ ఎలా నిలుస్తుంది?

నిజానికి మిల్లులో ఉన్న స్టార్టర్ స్టార్-డెల్టాయే, అంటే ముందు స్టార్‌లో తక్కువ వోల్టేజీతో తిప్పి, తర్వాత డెల్టాలో పూర్తి వోల్టేజీ ఇచ్చేది! అయితే టైమరు 4 సెకన్లకే డెల్టాకు మారుస్తోంది, గింజలు పడే హాపర్ గేటు తెరిచే ఉంది. బరువుమీద మోటారు సగం స్పీడు కూడా అందుకోలేదు. అప్పుడు డెల్టాలోకి వెళ్తే డైరెక్ట్ స్టార్టుకు దగ్గరగానే కరెంటు లాగుతుంది.

గేటు మూయించి, టైమరు 9 సెకన్లకు పెంచాను. స్పీడు దాదాపు పూర్తిగా అందుకున్నాక డెల్టా పడింది, లైట్లు కాస్త మిణుకుమన్నాయంతే. మిగతా మోటార్లు దీని తర్వాతే వేయమన్నాను.

గేటు తెరిచే స్టార్ట్ చేయాల్సివస్తే మాత్రం ఈ కిటుకు పనిచేయదు, స్టార్‌లో టార్క్ మూడోవంతే. అప్పుడు 125 కేవీఏ సెట్టు పెట్టాలి, దానిమీద డైరెక్టుగా వేసినా వోల్టేజీ డిప్ 22 శాతం దగ్గర ఆగుతుంది.