పట్టుచీర రంగు ఫోన్‌లో ఉన్నదున్నట్టు కనబడాలంటే: వివిడ్ పెట్టాలా, నేచురల్ పెట్టాలా?

బరంపురం పట్టుచీరలు వాట్సాప్‌లో అమ్మేవాళ్లకి ఎప్పుడూ వచ్చే తగువు ఒకటే: ఫోటోలో ఒక రంగు, పార్సిల్ విప్పితే ఇంకో రంగు. అందరూ కెమెరాని తిడతారు. చాలాసార్లు తప్పు స్క్రీన్ మోడ్‌ది, అంటే ఫోన్ రంగుల్ని వివిడ్‌గా చూపించాలో నేచురల్‌గా చూపించాలో చెప్పే సెట్టింగ్‌ది.

సామ్‌సంగ్‌లో అయితే Settings, Display, Screen mode లోకి వెళ్లి Natural నొక్కండి. పిక్సెల్‌లో Colors కింద ఉంటుంది. కొన్ని చవక ఫోన్లలో ఈ మెనూయే ఉండదు. ముందుగా Eye comfort shield ఆపేయండి, అది ఉంటే తెలుపు కూడా పసుపురంగుకి తిరుగుతుంది.

వాట్సాప్‌లో తిరిగే ఫోటోల్లో చాలావరకు ఎస్ఆర్‌జీబీ అనే రంగుల కొలత ప్రకారం ఉంటాయి. నేచురల్ ఆ కొలతకి కట్టుబడుతుంది. వివిడ్ అవే రంగుల్ని సాగదీసి చిక్కగా చూపిస్తుంది, తెలుపుని కాస్త నీలానికి నెడుతుంది. వంకాయరంగు చీర ఊదాగా మెరుస్తుంది, కుంభం అంచులోని ఎరుపు మంటలా మండుతుంది. సినిమాకి అది బాగుంటుంది. చీర అమ్మకానికి పనికిరాదు.

మార్చగానే స్క్రీన్ వెలిసిపోయినట్టు, పసుపెక్కినట్టు అనిపిస్తుంది. అందరూ ఇక్కడే వెనక్కి మారుస్తారు. కంగారు పడొద్దు, అది కన్ను వివిడ్‌కి అలవాటుపడిన ఫలితం. పది నిమిషాలు అలాగే వాడండి. తర్వాత వరండాలో, ఎండ నేరుగా పడని వెలుతురులో చీరని ఫోన్ పక్కన పరవండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, దాని వెలుగే రంగు మార్చేస్తుంది. తెల్లకాగితం ఒకటి పక్కన పెట్టి, స్క్రీన్ తెలుపు కాగితమంత వెలుగులో కనబడేదాకా బ్రైట్‌నెస్ సరిచేయండి. ఇప్పుడు ఫోటోనీ చీరనీ కలిపి చూడండి. ఇంకా తేడా ఉంటే అది కెమెరాది, ఫోటోని సరిదిద్దాల్సిందే.

అసలు చిక్కు ఈ సరిదిద్దడంలోనే ఉంది. స్క్రీన్ మోడ్ మారిస్తే ఫైల్లో ఒక్క చుక్క కూడా మారదు, మీ కంటికి కనబడేదే మారుతుంది. వివిడ్‌లో చూస్తూ "రంగు ఎక్కువైంది" అని శాచురేషన్ తగ్గిస్తే, ఆ తగ్గింపు మాత్రం ఫైల్లో నిలిచిపోతుంది. మీ ఫోన్‌లో చక్కగా కనబడిన వంకాయరంగు, నేచురల్ పెట్టుకున్న కొనుగోలుదారుకి బూడిద కలిసినట్టు చేరుతుంది. స్క్రీన్‌షాట్ తీసి పోల్చినా ఇది దొరకదు, అందులోనూ మోడ్ ప్రభావం పడదు కాబట్టి. అందుకే ఎడిటింగ్ ఎప్పుడూ నేచురల్‌లోనే చేయాలి.

కొనేవాళ్ల ఫోన్ ఏ మోడ్‌లో ఉందో మన చేతుల్లో లేదు. పర్లాకిమిడి నుంచో రాయగడ నుంచో ఎవరైనా రంగు గట్టిగా అడిగితే, డబ్బు తీసుకునేముందే "ఫోన్ నేచురల్‌లో పెట్టి ఒకసారి చూడండమ్మా" అని చెప్పండి.