ఒకే దస్తావేజులో ఒకే మనిషికి మూడు పేర్లు: దాన పత్రంలో పేర్లు రాసే విధానం

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పాత రెవెన్యూ రికార్డులు ఉర్దూలో ఉండేవి. ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులను సాధారణంగా రాయరు కాబట్టి, ఆ పేర్లను తర్వాత తెలుగులోకి ఎక్కించినవారు ఒక్కొక్కరు ఒక్కో విధంగా చదివారు. దానికి ఇంటిపేరును పొడి అక్షరానికి కుదించే అలవాటు, ఇంగ్లీషు కార్డుల అక్షరక్రమం తోడయ్యాయి. అందుకే ఇంటి స్థలాన్ని బిడ్డకు రాసిచ్చేందుకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లేవారికి, స్థలం హద్దుల కంటే ముందు పేరు దగ్గరే చిక్కు వస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. దేవరకొండలోని ఒక తండ్రికి 1994 నాటి క్రయ దస్తావేజులో పేరు ‘జి. నర్సింహులు, తండ్రి లచ్చయ్య’ అని ఉంది. ఆధార్‌లో అది ‘గోర్ల నర్సింహ’. పాన్ కార్డులో NARASIMHA GORLA అని, తండ్రి పేరు LAXMAIAH అని ఉంది. ఇప్పుడాయన ఆ స్థలాన్ని కూతురికి దాన పత్రం ద్వారా ఇస్తున్నారు.

ముందుగా ఒక పేరును ప్రధాన రూపంగా ఎంచుకోవాలి. కార్యాలయంలో గుర్తింపు ఆధార్‌తో చూపబోతున్నారు కాబట్టి ఇక్కడ అది ‘గోర్ల నర్సింహ’ కావడం మేలు. తర్వాత మిగిలిన రూపాలను రెండు రకాలుగా విడదీయాలి. నర్సింహులు అన్నది మరో పిలుపు, కనుక దానికి ‘అలియాస్’ చేర్చాలి. పాత దస్తావేజుల్లో ఇదే ‘ఉరఫ్’. ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ కావడం, ఇంటిపేరు వెనక్కి వెళ్లడం మరో పేరు కాదు, రాతలోని తేడా మాత్రమే. దాన్ని పత్రం లోపల ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది. ప్రతి అక్షర భేదాన్నీ అలియాస్ చేస్తే, చదివేవారికి ఒక మనిషి కాక ముగ్గురు కనిపిస్తారు.

అప్పుడు దాత వివరం ఇలా వస్తుంది: ‘గోర్ల నర్సింహ అలియాస్ జి. నర్సింహులు, తండ్రి లచ్చయ్య అలియాస్ లక్ష్మయ్య’, ఆపై వయసు, వృత్తి, నివాసం. తండ్రి పేరును వదలకూడదు. ఒకే ఊళ్లో నర్సింహలు ఎందరో ఉంటారు, ‘జి’ అంటే గోర్ల కావచ్చు, గుర్రం కావచ్చు, కాబట్టి మనిషిని వేరుచేసి చూపేది ఆ వివరమే. దస్తావేజు లోపల ఈ వాక్యం ఉండాలి: ‘1994 నాటి క్రయ దస్తావేజులో నా పేరు జి. నర్సింహులు అనియు, పాన్ కార్డులో NARASIMHA GORLA అనియు నమోదై యున్నది. ఈ పేర్లన్నియు నావే.’ ఏ రూపం ఏ పత్రంలో ఉందో చెప్పని అలియాస్ తర్వాత కాలంలో పెద్దగా అక్కరకు రాదు. పాత దస్తావేజును ప్రస్తావించేచోట అందులోని పేరును ఉన్నది ఉన్నట్టుగానే రాయాలి, సరిదిద్దకూడదు. మిగతా అన్నిచోట్లా, ప్రతి పేజీ సంతకం కింద కూడా, ప్రధాన రూపమే ఉండాలి.

అలియాస్‌ను మొదటి వివరంలోనే పెట్టమనడానికి కారణం ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవారి, పుచ్చుకున్నవారి పేర్లతో ఒక సూచిక తయారవుతుంది. లోపలి పేరాలో మాత్రమే ఉన్న పేరు ఆ సూచికకు చేరదు, రేపు ఆ పేరుతో వెతికినవారికి ఈ పత్రం కనబడకపోవచ్చు. అందువల్ల స్లాట్‌కు ముందు ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేసేటప్పుడు కూడా, అలియాస్‌తో సహా దస్తావేజులోని పేరునే ఎక్కించారో లేదో పక్కపక్కన పెట్టుకొని అక్షరమక్షరం చూడాలి. చాలామంది దస్తావేజును జాగ్రత్తగా చదివి, ఈ నమోదును మాత్రం చూడకుండా వదిలేస్తారు.

కూతురి విషయం సులువు. పెళ్లికి ముందు ఇంటిపేరు గోర్ల, తర్వాత ఎడ్ల అయితే, ‘ఎడ్ల సునీత, పుట్టింటి ఇంటిపేరు గోర్ల’ అని భర్త పేరు, తండ్రి పేరు రెండూ రాస్తే చాలు.

రిజిస్ట్రేషన్ సమయంలో 34వ సెక్షన్ కింద, ఎదుట నిలిచినవారే రాసిచ్చినవారని అధికారి నిర్ధారించుకోవాలి. అందుకే తండ్రిని రెండు పేర్లతోనూ ఎరిగిన వారిని గుర్తింపు సాక్షులుగా తీసుకువెళ్లడం మంచిది. ‘ఇద్దరూ ఒక్కరే’ అనే నోటరీ అఫిడవిట్‌ను జతచేయవచ్చు గానీ, దస్తావేజులో రాయనిదాన్ని ఆ కాగితం పూరించలేదు. అక్షరం కొట్టివేసి దిద్దితే, ఆ దిద్దుబాటు పక్కన రాసిచ్చినవారి సంతకం ఉండాలి. లేకపోతే 20వ సెక్షన్ కింద అధికారి పత్రాన్ని తిరస్కరించవచ్చు. రిజిస్ట్రేషన్ అయ్యాక తప్పు బయటపడితే, అదే పక్షాలు కలిసి సవరణ దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించుకోవాలి.

అలియాస్‌కు ఒక హద్దు ఉంది. బతికున్న మనిషి తన పేర్ల గురించి తాను చెప్పుకోవచ్చు. పాత దస్తావేజులోని నర్సింహులు చనిపోయి ఉంటే, ‘ఆయనే మా నాన్న నర్సింహ’ అని వారసులు రాసుకున్నంత మాత్రాన అది రుజువు కాదు. ఆయన కాలపు పన్ను రసీదులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వంటివి చూపాలి, వివాదం ఉంటే సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాలి. అందుకే తండ్రి బతికుండగా రాసే పత్రంలోనే ఆయన పాత పేరును ఆయన నోటనే చెప్పించి ఉంచాలి.