చుక్క కీలు మీద పడకుండా పక్కకు జరుగుతోందా? హీట్‌మ్యాప్ పోజ్ మోడల్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

అనంతపురంలో క్రికెట్ నెట్స్ పక్కన కెమెరా పెట్టి బౌలర్‌ను తీశారనుకుందాం. ఫ్రేమ్ 1920×1080, అందులో బౌలర్ ఎత్తు సుమారు 768 పిక్సెళ్లు. చుట్టూ కాస్త ఖాళీ ఉండాలని బాక్స్‌ను 1.25 రెట్లు పెంచితే 960 అవుతుంది. దాన్ని 256 ఎత్తు, 192 వెడల్పు ఉన్న క్రాప్‌గా కుదించి, శరీరంలోని కీళ్లు ఎక్కడున్నాయో చెప్పే పోజ్ మోడల్‌కు ఇస్తాం. మోడల్ ఒక్కో కీలుకు 64×48 హీట్‌మ్యాప్ ఇస్తుంది, అంటే ఆ కీలు ఎక్కడ ఉండొచ్చో గడి గడికీ ఒక విలువతో చెప్పే పటం; దాని శిఖరం చూసి వీడియోలో చుక్క పెడతాం. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. హీట్‌మ్యాప్‌లో ఒక గడి అంటే క్రాప్‌లో 4 పిక్సెళ్లు, అసలు వీడియోలో 15 పిక్సెళ్లు. కింద చెప్పే సమస్యల్లో చాలావాటికి మూలం ఈ 15లోనే ఉంది.

ముందు చేయాల్సిన పరీక్ష

హీట్‌మ్యాప్ చూడ్డానికి బాగానే ఉండి చుక్క మాత్రం తప్పుగా పడుతుంటే వెంటనే మోడల్‌ను మళ్లీ ట్రెయిన్ చేయొద్దు. నెట్‌వర్క్‌ను పూర్తిగా పక్కనపెట్టండి. చేత్తో గుర్తుపెట్టిన బిందువులను మీ ఎన్‌కోడ్ కోడ్‌తో హీట్‌మ్యాప్‌లుగా మార్చి, ఆ హీట్‌మ్యాప్‌లనే నేరుగా డీకోడ్ చేయండి, అంటే తిరిగి బిందువులుగా మార్చండి. వచ్చిన బిందువులోంచి అసలు బిందువును తీసేసి రెండు సగటులు చూడండి: ప్లస్, మైనస్ గుర్తుతో కలిపి ఒకటి, ఆ గుర్తు తీసేసి ఇంకొకటి.

గుర్తుతో ఉన్న సగటు సున్నా కాకపోతే బిందువులన్నీ ఒకే వైపుకు జరుగుతున్నట్టు. అది సున్నాగా ఉండి రెండో సగటు మాత్రం పెద్దగా ఉంటే అది గడుల వల్ల వచ్చిన గరుకుదనం. రెండూ సున్నాకు దగ్గరగా ఉంటే ఎన్‌కోడ్, డీకోడ్ పరస్పరం సరిపోతున్నట్టే. అప్పుడు క్రాప్, ఫ్లిప్ లేదా మోడల్ వైపు చూడాలి.

ఈ తేడా ఊరికే లెక్క కోసం కాదు. బిందువులన్నీ ఒకేలా జరిగితే మోచేయి కోణం మారదు, కానీ పాపింగ్ క్రీజ్ నుంచి చీలమండ దూరం తప్పుతుంది. గరుకుదనం ఉంటే దూరం సగటున సరిగ్గానే వస్తుంది, కోణం మాత్రం ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఎగురుతుంది.

లక్షణం: చెయ్యి మెల్లగా కదులుతున్నా చుక్క మెట్లు మెట్లుగా దూకుతోంది

ముంజేయి పొడవు ఈ వీడియోలో సుమారు 112 పిక్సెళ్లు, అంటే ఏడున్నర గడులు. మణికట్టు చుక్క ముంజేయికి అడ్డంగా అర గడి తప్పితే ముంజేయి దిశ దాదాపు 4 డిగ్రీలు మారుతుంది. అదే సమయంలో మోచేయి చుక్క ఎదురు వైపుకు అర గడి తప్పితే దాదాపు 8. బౌలింగ్‌లో మోచేయి సాగడానికి ఐసీసీ ఇచ్చే హద్దే 15 డిగ్రీలు. పైగా ఒక్క కెమెరాతో వచ్చేది ద్విమితీయ కోణం మాత్రమే కాబట్టి, ఈ తప్పును దిద్దినా దాంతో యాక్షన్ మీద తీర్పు చెప్పకూడదు.

కారణం రెండు చోట్ల ఉంటుంది, చాలామంది ఒకటే చూస్తారు. మొదటిది డీకోడ్: అత్యధిక విలువ ఉన్న గడి నంబరును నేరుగా 4తో గుణించడం. రెండోది ఎన్‌కోడ్: కీలు ఉన్న చోట హీట్‌మ్యాప్‌లో గీసే గంట ఆకారపు గాసియన్ కేంద్రాన్ని ముందే పూర్ణాంకానికి సవరించడం. పాత కోడ్‌లలో `int(x/4 + 0.5)` అని కనిపించేది అదే. ఇంకా ఘోరం ఆ 0.5 కూడా లేని `int(x/4)`. దాంతో ప్రతి బిందువూ సగటున అర గడి ఎడమకు, పైకి జరుగుతుంది.

ఒక బిందువుతో చూద్దాం. క్రాప్‌లో మణికట్టు x = 101.4. నాలుగుతో భాగిస్తే 25.35. అత్యధిక గడి 25 కాబట్టి తిరిగి వచ్చేది 100. తప్పు 1.4, అసలు వీడియోలో 5.25 పిక్సెళ్లు. పక్క గడుల్లో పెద్దదాని వైపుకు పావు గడి జరిపే పాత పద్ధతితో 25.25, అంటే 101.0. ఇది తప్పును సగటున సగానికి తగ్గిస్తుంది, అంతకుమించి కాదు.

సరైన మందు గాసియన్ ఆకారంలోనే ఉంది. దాని లాగరిథమ్ తీస్తే పారాబోలా వస్తుంది, మూడు గడుల విలువలతో శిఖరం కచ్చితంగా దొరుకుతుంది. గాసియన్ వెడల్పు చెప్పే సిగ్మా 2 గడులైతే 24, 25, 26 గడుల లాగ్ విలువలు −0.2278, −0.0153, −0.0528. వాటి నుంచి వచ్చే సవరణ 0.35. మొత్తం 25.35, తిరిగి 101.4.

```python
def refine(h, x, y):
    l = np.log(np.maximum(h, 1e-10))
    def step(a, b, c):
        d = 2*b - a - c
        return 0.5*(c - a)/d if d > 0 else 0.0
    dx = step(l[y, x-1], l[y, x], l[y, x+1])
    dy = step(l[y-1, x], l[y, x], l[y+1, x])
    return x + dx, y + dy
```

నెట్‌వర్క్ ఇచ్చే హీట్‌మ్యాప్ ఇంత నున్నగా ఉండదు. అందుకే ముందు ఒకసారి గాసియన్ బ్లర్ వేయండి. అంచు గడుల్లో సవరణ వద్దు. సవరణ ఒక గడి దాటితే దాన్ని నమ్మకుండా వదిలేయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎన్‌కోడ్‌లో కేంద్రాన్ని 25.35గానే ఉంచి గాసియన్ గీయాలి. అక్కడ 25 అని రాసి మోడల్‌కు నేర్పితే, డీకోడ్ ఎంత నిపుణంగా ఉన్నా అది వెతికిపెట్టేది 25నే.

లక్షణం: ఫ్లిప్ టెస్ట్ పెట్టగానే చుక్కలన్నీ ఎడమకు జరిగాయి

బొమ్మను అద్దంలోలా తిప్పి మోడల్‌ను రెండోసారి నడిపి, ఆ హీట్‌మ్యాప్‌ను తిరిగి తిప్పి, మొదటిదానితో సగటు తీస్తాం. స్కోరు పెరగాల్సింది పోయి చుక్క పక్కకు పోతుంది. మోడల్‌లో లోపం లేదు, కూడికలో ఉంది. క్రాప్‌లో x తిరగబడితే 191 − x అవుతుంది. నాలుగుతో భాగిస్తే 47.75 − x/4. హీట్‌మ్యాప్‌ను తిరిగి తిప్పడానికి 47 నుంచి తీసేస్తే మిగిలేది x/4 − 0.75. అంటే రెండో హీట్‌మ్యాప్ ముప్పావు గడి ఎడమకు ఉంది. సగటు శిఖరం 0.375 గడి ఎడమకు, అంటే వీడియోలో 5.6 పిక్సెళ్లు. బౌలర్ ఎత్తు 175 సెంటీమీటర్లయితే అది నేల మీద ఒకటింపావు సెంటీమీటరు.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. ఫ్లిప్ టెస్ట్ ఆపి అదే వీడియో మళ్లీ నడపండి. జరుగుడు మాయమైతే కారణం ఇదే.

చాలా కోడ్‌లు తిప్పిన హీట్‌మ్యాప్‌ను ఒక గడి కుడికి జరుపుతాయి. అప్పుడు తప్పు 0.125 గడికి తగ్గి కుడి వైపుకు మారుతుంది, పూర్తిగా పోదు. ఉన్న మోడల్‌నే వాడాలంటే ఆ ఒక గడి జరుపుడు తీసేసి, చివర్లో గడి నంబరు x కు 0.375 కలపండి. కొత్తగా ట్రెయిన్ చేస్తుంటే 4కు బదులు 191/47 వాడండి. కొలతలోంచి ఇలా ఒకటి తీసేసే లెక్క క్రాప్ మ్యాట్రిక్స్, ఎన్‌కోడ్, డీకోడ్ మూడింటిలోనూ ఒకేలా ఉండాలి. ఒక చోట మార్చి ఇంకో చోట మరిస్తే కొత్త జరుగుడు పుడుతుంది, అది బొమ్మ కుడి, కింది అంచుల దగ్గర ఎక్కువగా, పై ఎడమ మూల దగ్గర తక్కువగా కనిపిస్తుంది.

ఫ్లిప్ తర్వాత ఎడమ, కుడి కీళ్ల ఛానెళ్లు కూడా మార్చుకోవాలి. మార్చకపోతే చుక్క జరగదు, ఎడమ మణికట్టు హీట్‌మ్యాప్‌లో రెండు శిఖరాలు లేస్తాయి. చూడగానే తెలిసిపోతుంది.

లక్షణం: చుక్కలన్నీ క్రాప్ మధ్యలో గుమిగూడాయి

శిఖరం గడికి బదులు సాఫ్ట్‌మాక్స్ సగటు తీస్తున్నప్పుడు ఇది వస్తుంది. హీట్‌మ్యాప్ విలువలు 0 నుంచి 1 మధ్య ఉంటాయి. నేరుగా సాఫ్ట్‌మాక్స్‌కు ఇస్తే శిఖరానికి 2.718 బరువు, ఖాళీ గడికి 1. కానీ ఖాళీ గడులు మూడు వేలు. సిగ్మా 2 గాసియన్ మొత్తం అదనంగా తెచ్చే బరువు సుమారు 33, అంటే నూటికి ఒక వంతు. అందుకే శిఖరం x = 40 దగ్గర ఉన్నా జవాబు 23.7 వస్తుంది, మధ్య బిందువు 23.5 పక్కనే. అత్యధిక గడి చుట్టూ 7×7 గడుల్లోనే విలువల బరువు సగటు తీస్తే ఈ లాగుడు చాలా వరకు తగ్గుతుంది. శిఖరం కిటికీ మధ్యలో లేనప్పుడు మాత్రం కొంచెం మిగిలిపోతుంది. అందుకే గాసియన్‌తో ట్రెయిన్ చేసిన మోడల్‌కు పైన ఇచ్చిన లాగ్ సవరణే మేలు.