రిపోర్టు ఫాంట్ మార్చే ముందు బుల్లెట్ల సంగతి చూసుకోండి

ప్రాజెక్టు రిపోర్టులు సమర్పించే రోజులొచ్చాయంటే జిరాక్స్ షాపుల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, ఇక్కడ చుక్కలన్నీ డబ్బాలైపోయాయి." రాత్రంతా కాలిబ్రీలో టైప్ చేసిన డెబ్బై పేజీలు, తెల్లారి గైడ్ చెప్పినట్టు టైమ్స్ న్యూ రోమన్ 12కి మార్చారు, నేరుగా ప్రింటుకొచ్చారు. అక్షరాలన్నీ మారాయి. వాటితోపాటు బుల్లెట్ల గుర్తులూ మారాయి, కానీ అవి మారకూడనివి. ప్రింటు తీసేశాక చూసుకుంటే రంగు పేజీల డబ్బులు పోయినట్టే. అందుకే ఫాంట్ మీద చెయ్యి వేయకముందే చూసుకోవాల్సినవి రాస్తున్నాను. ఎక్కువగా వర్డ్ గురించే, ఎందుకంటే గొడవ ఎక్కువగా వచ్చేది అక్కడే.

ముందు ఆ డబ్బా ఎందుకొస్తుందో తెలియాలి. కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరానికీ కంప్యూటర్‌లో ఒక సంఖ్య ఉంటుంది. యూనికోడ్‌లో 'అ'కి ఒక సంఖ్య, నల్లచుక్కకి ఒక సంఖ్య, ఇవి ఏ ఫాంట్‌కైనా ఒకటే. కానీ వర్డ్‌లో బుల్లెట్ బటన్ నొక్కగానే వచ్చే చుక్క సాధారణంగా ఆ నల్లచుక్క కాదు. అది సింబల్ అనే ఫాంట్‌లోని 183వ గుర్తు. విండోస్‌లో సింబల్, వింగ్‌డింగ్స్ లాంటి ఫాంట్లు తమ గుర్తులను యూనికోడ్‌లోని ప్రైవేట్ యూజ్ ఏరియాలో పెట్టుకుంటాయి. అది ఊరి పోరంబోకు లాంటిది: ఎవరికీ పట్టా లేదు, ఎవరి పాక వాళ్లు వేసుకోవచ్చు. F0B7 అనే చోట సింబల్ ఫాంట్ తన 183వ గుర్తైన నల్లచుక్క వేసుకుంది. అదే చోట టైమ్స్ న్యూ రోమన్ ఏమీ వేసుకోలేదు. ఫాంట్ మారిందంటే కంప్యూటర్ ఆ చోటికి వెళ్లి చూస్తుంది, ఏమీ దొరకదు, "ఈ గుర్తు నా దగ్గర లేదు" అని చెప్పే ఖాళీ డబ్బాను గీస్తుంది.

అంటే డాక్యుమెంటులో దాచి ఉన్నది చుక్క కాదు, "ఫలానా ఫాంట్‌లో ఫలానా సంఖ్య" అన్న జత. రెంటిలో ఏ ఒకటి తప్పినా గుర్తు పోతుంది.

డబ్బాకి బదులు వింత అక్షరం రావడం దీనికి తోబుట్టువే, కానీ కారణంలో చిన్న తేడా ఉంది. పవర్‌పాయింట్ స్లైడులో టిక్ మార్కు బుల్లెట్ పెట్టి ఫైలు లోపల చూస్తే ఇలా ఉంటుంది:

```
<a:buFont typeface="Wingdings"/>
<a:buChar char="ü"/>
```

టిక్ మార్కు ఎక్కడా లేదు. ఉన్నది రెండు చుక్కల ü అక్షరం, దాని మీద వింగ్‌డింగ్స్ అనే వేషం. వేషం తీసేస్తే ü బయటపడుతుంది. అందుకే `Replace Fonts`లో వింగ్‌డింగ్స్‌ని ఏరియల్‌కి మార్చగానే టిక్కులున్న చోట ü, చిన్న చదరాలున్న చోట §, బాణాలున్న చోట Ø, నాలుగు వజ్రాల గుర్తున్న చోట v వస్తాయి. కాబట్టి పాడైన బుల్లెట్‌ని చూడగానే ఒక అంచనాకి రావచ్చు. డబ్బా వస్తే సంఖ్య పోరంబోకులో ఉందన్నమాట. అక్షరం వస్తే సంఖ్య మామూలు అక్షరానిదే, ఫాంట్ ఒక్కటే ఊడిపోయింది.

ఇప్పుడు పైన చెప్పిన రిపోర్టునే తీసుకుందాం. అందులో మూడు మెట్ల జాబితాలున్నాయి. మొదటి మెట్టుకి నల్లచుక్క, రెండో మెట్టుకి చిన్న గుండ్రం, మూడో మెట్టుకి చదరం. వర్డ్ మామూలుగా ఇచ్చేవి ఇవే. టైమ్స్ న్యూ రోమన్‌కి మార్చాక మొదటిదీ మూడోదీ డబ్బాలయ్యాయి, రెండోది మాత్రం క్షేమంగా ఉంది. ఆ రెండోది ఎందుకు బతికింది? ఎందుకంటే అది గుర్తు కాదు, కొరియర్ న్యూ ఫాంట్‌లో వేసిన చిన్న 'o' అక్షరం. ఏ ఫాంట్‌కి మార్చినా 'o' 'o'గానే ఉంటుంది, కాస్త లావో సన్నమో అవుతుంది, అంతే. మూడోది వింగ్‌డింగ్స్‌లోని 167, అదీ పోరంబోకు సంఖ్యే.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. Ctrl+A కొట్టి ఫాంట్ మార్చినా చాలాసార్లు బుల్లెట్లు చెక్కుచెదరవు కదా? నిజమే. ఆటోమేటిక్ బుల్లెట్లకి వర్డ్ ఫాంట్‌ని పేరాగ్రాఫ్‌లో కాకుండా జాబితా నిర్వచనంలో వేరుగా దాస్తుంది, పేరాగ్రాఫ్ ఫాంట్ మారినా అది మారదు. పాడయ్యేది బుల్లెట్ మీదే క్లిక్ చేసినప్పుడు. ఒక చుక్క మీద క్లిక్ చేస్తే ఆ మెట్టులోని చుక్కలన్నీ బూడిద రంగుకి తిరుగుతాయి. అప్పుడు ఫాంట్ పెట్టెలో టైమ్స్ న్యూ రోమన్ ఎంచుకుంటే వాక్యానికి ఏమీ కాదు, చుక్కలకే ఫాంట్ మారిపోతుంది. "అన్నిటినీ ఒకేలా చేద్దాం" అనే మంచి బుద్ధితో చేసే పనే ఇది. మన రిపోర్టులో జరిగిందీ అదే.

అందుకని మొదటి జాగ్రత్త: ఫాంట్ మార్చే ముందు ఫైలుకి వేరే పేరుతో కాపీ తీసుకోండి, ఆ తర్వాత ఫాంట్‌ని పేజీ మీద ఎంచి మార్చకండి, స్టైల్‌లో మార్చండి. `Home` ట్యాబులో `Normal` స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి `Modify`లో ఫాంట్ మారిస్తే దాన్ని ఆధారం చేసుకున్న పేరాలన్నీ మారతాయి, జాబితా నిర్వచనాల జోలికి పోదు. ఎక్కడైనా చేత్తో ఫాంట్ పెట్టిన పేరాలుంటే అవి మాత్రం మారకుండా మిగిలిపోతాయి. వాటిని ఒక్కొక్కటిగా చూసుకోవాలి, విసుగు పని, అయినా తప్పదు.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే ఫాంట్ మీరు మార్చకపోయినా అవతలి కంప్యూటర్ మార్చేస్తుంది. షాపువాళ్ల లినక్స్ యంత్రంలోనో, స్నేహితుడి ఫోన్‌లోనో వింగ్‌డింగ్స్ ఉండకపోవచ్చు. లిబ్రేఆఫీస్ ఇలాంటి గుర్తులకు తన దగ్గరున్న ఓపెన్‌సింబల్ ఫాంట్‌లోని సమానమైనవి వెతికి వేస్తుంది, చాలావరకు బాగానే నెట్టుకొస్తుంది, కానీ అన్ని చోట్లా కాదు. ఆ ఆశ మీద రిపోర్టు పెట్టకండి. బుల్లెట్‌నే ఫాంట్ మీద ఆధారపడనిదిగా మార్చేయండి.

ఎలాగంటే, జాబితాలోని ఒక పాయింట్ దగ్గర కర్సర్ పెట్టి, బుల్లెట్ బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కి `Define New Bullet` తెరవండి, అందులో `Symbol` నొక్కండి. కిటికీ అడుగున `Character code` దగ్గర 183 లేదా 167 ఉండి, పక్కన `from` దగ్గర `Symbol (decimal)` అని కనిపిస్తే అది ఫాంట్ మీద ఆధారపడిన గుర్తు. ఇప్పుడు ఫాంట్ పెట్టెలో ఏరియల్ ఎంచుకుని, `from`లో `Unicode (hex)` ఉంచి, కోడ్ దగ్గర 2022 కొట్టండి. అదే అసలు నల్లచుక్క. తర్వాత ఎవరైనా ఏ ఫాంట్‌కి మార్చినా అది డబ్బా కావడం దాదాపు ఉండదు, ఎందుకంటే ఆ చుక్క లేని ఇంగ్లీషు ఫాంట్ దొరకడం కష్టం. మూడో మెట్టు చదరానికి 25AA ఉంది. కానీ నన్నడిగితే మూడో మెట్టుకి ఎన్ డాష్ చాలు, దాని కోడ్ 2013. చదరం అన్ని ఫాంట్లలో ఉండదు, డాష్ ఉంటుంది.

టిక్ మార్కులు కావాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. యూనికోడ్‌లో టిక్ ఉంది, 2713. వింగ్‌డింగ్స్, వెబ్‌డింగ్స్‌లోని మిగతా గుర్తుల్లో చాలావాటికి 2014లో వచ్చిన యూనికోడ్ 7.0లో సొంత సంఖ్యలు దక్కాయి. అయితే సంఖ్య ఉన్నంత మాత్రాన ప్రతి ఫాంట్‌లోనూ బొమ్మ ఉంటుందని కాదు. టైమ్స్ న్యూ రోమన్‌లో టిక్ లేదు, విండోస్ దాన్ని సెగో యుఐ సింబల్ లాంటి ఇంకో ఫాంట్ నుంచి అరువు తెచ్చి చూపిస్తుంది. కనబడుతుంది కానీ లావు, ఎత్తు వాక్యంతో కలవవు. పోరంబోకు డబ్బా కంటే ఇది నయం. ఎక్కడా అర్థం పోదు, అందం ఒక్కటే పోతుంది.

తెలుగు ఫైళ్లలో ఇంకో చిక్కుంది. అను లాంటి పాత ఫాంట్లతో చేసిన డీటీపీ ఫైళ్లలో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంఖ్యల్లోనే కూర్చుని ఉంటాయి. అక్కడ పేరా మొత్తానికి ఆ ఫాంట్ వేస్తే, విడిగా టైప్ చేసిన బుల్లెట్ కూడా ఒక ఒత్తుగానో కొమ్ముగానో మారిపోవచ్చు. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌కి ఇచ్చినప్పుడు కూడా అంతే, దానికి బుల్లెట్ అని తెలియదు, అక్షరమనుకుని మార్చేస్తుంది. కన్వర్టర్‌కి ఇచ్చే ముందు విడి బుల్లెట్లను తీసేసి, మార్చాక మళ్లీ ఆటోమేటిక్ జాబితాగా పెట్టుకోవడం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి.

ఇన్‌డిజైన్‌లో పని చేసేవాళ్లకు బుల్లెట్ కలిపేటప్పుడు `Remember Font with Bullet` అనే టిక్ పెట్టె కనిపిస్తుంది. ప్రత్యేక ఫాంట్‌లోని గుర్తైతే అది పెట్టాలి, లేకపోతే పేరా ఫాంట్ మారిన వెంటనే గుర్తు మారుతుంది. మామూలు నల్లచుక్కకి దాని అవసరం లేదు.

ఇప్పటికే పాడైన ఫైలు మీ చేతికొస్తే రెండు దారులున్నాయి. ఆటోమేటిక్ బుల్లెట్లైతే పైన చెప్పిన `Define New Bullet`తో ఒక్కసారి చేస్తే ఆ జాబితాలోని మెట్టు మొత్తం సరవుతుంది. కానీ వేరే చోట నుంచి అతికించినప్పుడు డబ్బాలు వాక్యంలో అక్షరాలుగా వచ్చి పడితే వెతికి మార్చాలి. `Find and Replace`లో ఇలా కొట్టండి:

```
Find what:    ^u61623
Replace with: •
```

61623 అంటే F0B7కి దశాంశ రూపం, కింద ఉన్నది 2022 నల్లచుక్కే, దాన్ని కాపీ చేసి అతికించండి. చదరాలకు 61607, టిక్కులకు 61692, బాణాలకు 61656 వెతకాలి. `Use wildcards` టిక్ తీసి ఉంచండి, ఉంటే ఇది పనిచేయదు. ఒక డబ్బా ఏ సంఖ్యో తెలియకపోతే దాని వెనకాల కర్సర్ పెట్టి Alt+X నొక్కండి, కోడ్ కనిపిస్తుంది. మళ్లీ Alt+X కొడితే యథాస్థితికి వస్తుంది.

చివరికి ప్రింటుకి వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ ఇవ్వండి, అదీ మీ కంప్యూటర్‌లోనే చేసి. అడోబీ రీడర్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లోని `Fonts` ట్యాబ్ తెరిస్తే ఒక్కో ఫాంట్ పక్కన `Embedded` అనో `Embedded Subset` అనో ఉండాలి. ఏదైనా ఒక ఫాంట్ పక్కన అది లేకపోతే, ముఖ్యంగా అది సింబలో వింగ్‌డింగ్సో అయితే, షాపు కంప్యూటర్‌లో మళ్లీ కథ మొదటికొస్తుంది. వర్డ్ ఫైలే కావాలని గైడ్ పట్టుబడితే `File > Options > Save`లో `Embed fonts in the file` పెట్టి, దాని కిందే ఉన్న `Do not embed common system fonts` టిక్ తీసేయండి. ఫైలు బరువు పెరుగుతుంది, మెయిల్‌కి ఇబ్బంది కావచ్చు. అప్పుడు కూడా పూర్తి పుస్తకం కంటే ముందు, మూడు మెట్ల జాబితా ఉన్న పేజీ ఒక్కటి మామూలు నలుపు ప్రింటు తీయించి చూసుకోండి.